కరెంటు బిల్లు సరిచూడటం ఎలా? 201వ యూనిట్ ఖరీదు 218 రూపాయలు

కరెంటు బిల్లు ఎక్కువ వచ్చిందనిపిస్తే చాలామంది మొదట మీటరును తిడతారు. మీటరు పాడైన సందర్భాలు నేను చూసింది తక్కువ. తేడా ఎక్కువగా మూడు చోట్ల దొరుకుతుంది: రీడింగు ఎన్ని రోజులకు తీశారు, ఏ స్లాబు రేటు వేశారు, పాత బాకీ అని రాసింది నిజంగా బాకీయేనా. ఈ మూడింటినీ కాగితం, కాలిక్యులేటర్‌తో పావుగంటలో తేల్చుకోవచ్చు.

ఇక్కడ తెలంగాణ గృహ వినియోగ కనెక్షన్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. రేట్లు 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వులోవి. మండలి ఉత్తర్వులు మారుతుంటాయి కాబట్టి మీ బిల్లు నెలకు వర్తించే రేట్ల పట్టిక ఒకసారి చూసుకోండి. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

ఒక ఇల్లు అనుకుందాం. హైదరాబాద్‌లో ఇద్దరు పిల్లలున్న కుటుంబం, సింగిల్ ఫేజ్ కనెక్షన్, ఒప్పుకున్న లోడు 3 కిలోవాట్లు. మే 8న వచ్చిన బిల్లు ఇలా ఉంది:

పాత రీడింగు (ఏప్రిల్ 2): 11482
కొత్త రీడింగు (మే 8): 11716
యూనిట్లు: 234
ఎనర్జీ ఛార్జీలు: 1281.80
కస్టమర్ ఛార్జీ: 100.00
ఫిక్స్‌డ్ ఛార్జీ: 30.00
విద్యుత్ సుంకం: 14.04
అదనపు ఛార్జీ: 25.00
లాస్/గెయిన్: 0.16
ఈ నెల మొత్తం: 1451
పాత బాకీ: 865
చెల్లించాల్సింది: 2316

నెలకు తొమ్మిది వందలు దాటని ఇంటికి 2316 వచ్చిందంటే టెన్షన్ రావడం సహజమే. ఒక్కో వరుసా చూద్దాం.

మొదటి పని: మీటరు దగ్గరికి వెళ్లండి

బిల్లులోని కొత్త రీడింగు, మీటరు మీది అంకె పోల్చాలి. బిల్లు తీసి నాలుగు రోజులైతే మీటరు అంకె దానికంటే కొంచెం ఎక్కువ ఉండాలి. తక్కువ ఉంటే రీడింగు తప్పుగా ఎక్కించారన్నమాట. అప్పుడు ఫొటో తీసుకుంటే చాలు, వేరే రుజువు అక్కర్లేదు.

డిజిటల్ మీటరు తెర కొన్ని సెకన్లకోసారి మారుతూ ఉంటుంది. ఒకసారి వోల్టేజీ, ఒకసారి తేదీ, ఒకసారి గరిష్ఠ డిమాండు, ఒకసారి యూనిట్లు. అంకె పక్కన `kWh` అని ఉన్నదే యూనిట్ల రీడింగు. నేను మొదటిసారి `kVAh` అంకె రాసుకుని, బిల్లు తప్పని ఒక సాయంత్రమంతా వాదించాను. తప్పు నాదే. మీరు తెర పూర్తిగా ఒక చుట్టు తిరిగేదాకా ఆగి, `kWh` కనిపించినప్పుడే ఫొటో తీయండి. మీటరు నంబరు కూడా ఫొటోలో పడాలి. అపార్టుమెంట్లలో పక్క ఫ్లాటు మీటరుకు మన సర్వీసు నంబరు తగిలించి ఉండటం అరుదేమీ కాదు. అనుమానముంటే మన ఇంటి మెయిన్ ఆపి, మన మీటరు మీది చిన్న ఎర్రదీపం మెరవడం ఆగిందో లేదో చూడండి. మెయిన్ ఆపినా మెరుస్తూనే ఉంటే అది మన మీటరు కాకపోవచ్చు, లేదా మీటరుకూ మెయిన్‌కూ మధ్య వైరింగులో ఎవరో తగిలించుకుని ఉండవచ్చు.

మీటరు వేగంగా తిరుగుతోందా అన్నది కూడా ఆ దీపంతోనే సుమారుగా తెలుసుకోవచ్చు. మీటరు ముఖం మీద `3200 imp/kWh` లాంటి అంకె ఉంటుంది. యూనిట్‌కు 3200 సార్లు మెరుస్తుందని దాని అర్థం. ఇంట్లో అన్నీ ఆపి, 1000 వాట్ల నీళ్ల హీటరు రాడ్డు ఒక్కటే బకెట్‌లో పెట్టి వేస్తే గంటకు ఒక యూనిట్, అంటే నిమిషానికి 53 సార్లు మెరవాలి. వోల్టేజీని బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. 45 వచ్చినా 57 వచ్చినా కంగారు లేదు, 80 వస్తే మాత్రం మీటరు పరీక్షకు దరఖాస్తు పెట్టాల్సిందే. ఇస్త్రీపెట్టెతో ఈ పరీక్ష చేయకండి, వేడెక్కగానే అది తనంతట తానే ఆగిపోతూ ఉంటుంది.

మన ఉదాహరణలో రీడింగు సరిగ్గానే ఉంది. 11716లో 11482 తీసేస్తే 234. యూనిట్లలో తప్పు లేదు.

రెండో పని: స్లాబు లెక్క

తెలంగాణలో గృహ కనెక్షన్లకు మూడు గుంపులున్నాయి. నెలలో ఎన్ని యూనిట్లు వాడామన్నదాన్ని బట్టి మనం ఏదో ఒక గుంపులో పడతాం.

100 యూనిట్ల లోపు వాడితే: మొదటి 50కి యూనిట్ 1.95, తర్వాతి 50కి 3.10.

101 నుంచి 200 దాకా వాడితే: మొదటి 100కి 3.40, తర్వాతి 100కి 4.80.

200 దాటితే: మొదటి 200కి 5.10, 201–300కి 7.70, 301–400కి 9.00, 401–800కి 9.50, ఆపైన 10.00.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆదాయపు పన్నులో లాగా, కింది యూనిట్లకు పాత రేటే ఉండి, పైన వాడినదానికే కొత్త రేటు పడుతుందనుకుంటారు. గుంపు లోపల అలాగే జరుగుతుంది. కానీ గుంపు మారితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. 200 దగ్గర ఆగినవారికీ 201కి వెళ్లినవారికీ తేడా చూడండి.

```
200: 100×3.40 + 100×4.80 =  820.00
201: 200×5.10 +   1×7.70 = 1027.70
```

ఒక్క యూనిట్‌కు ఎనర్జీ ఛార్జీలే 207.70 పెరిగాయి. దానికి తోడు కస్టమర్ ఛార్జీ 90 నుంచి 100కి ఎగబాకుతుంది. సుంకంలో ఆరు పైసలు కలుస్తాయి. మొత్తం 217.76. కరెంటు ఆఫీసులో ఎవరినడిగినా 201వ యూనిట్ రేటు 7.70 అనే చెబుతారు, అది అబద్ధం కాదు. కానీ మన జేబులోంచి పోయేది 218.

గృహజ్యోతి లబ్ధిదారులకు ఈ గీత ఇంకా కఠినం. 2024 మార్చి నుంచి అర్హులకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. ఆ పరిమితి దాటిన నెలలో పైన వాడిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. 3 కిలోవాట్ల లోడున్న ఇంట్లో 201 యూనిట్లు తిరిగితే సున్నా కాస్తా 1170 అవుతుంది.

మన ఇంటికి 234 యూనిట్లు. 200×5.10 అంటే 1020. మిగిలిన 34×7.70 అంటే 261.80. కలిపితే 1281.80. బిల్లులో అదే ఉంది. లెక్క తప్పలేదు. అయినా ఇక్కడితో వదిలేయకూడదు.

మూడో పని: రోజులు లెక్కపెట్టండి

ఏప్రిల్ 2 నుంచి మే 8 దాకా 36 రోజులు. రేట్ల పట్టికలోని 100, 200 హద్దులు నెలకు చెప్పినవి. 36 రోజుల వాడకాన్ని నెల హద్దులతో కొలిస్తే ఆరు రోజుల వాడకం మనమీద అదనంగా పడినట్టే. రోజుకు 234÷36, అంటే ఆరున్నర యూనిట్లు. 30 రోజులకు 195. ఈ కుటుంబం నిజానికి 200 లోపు వాడే ఇల్లే. రీడింగు తీసేవారు ఆరు రోజులు ఆలస్యంగా రావడం వల్ల పై గుంపులోకి వెళ్లిపోయింది.

సరైన పద్ధతి హద్దులను రోజుల నిష్పత్తిలో పెంచడం. 36÷30 అంటే 1.2. కాబట్టి 100 హద్దు 120 అవుతుంది, 200 హద్దు 240 అవుతుంది. 234 ఆ లోపే ఉంది.

```
120×3.40 = 408.00
114×4.80 = 547.20
మొత్తం   = 955.20
```

కస్టమర్ ఛార్జీ 90, ఫిక్స్‌డ్ 30, సుంకం 14.04 కలిపితే 1089.24. బిల్లులో అదనపు ఛార్జీ తీసేస్తే ఉన్నది 1425.84. తేడా 336.60. (36 రోజులకు ఫిక్స్‌డ్ ఛార్జీ కూడా 36 కావాలి కదా, కస్టమర్ ఛార్జీ కూడా ఆ ప్రకారమే పెరగాలి కదా అని ఎవరైనా అడిగితే ఒప్పేసుకోండి. పోయేది పాతిక రూపాయలు కూడా ఉండదు.)

కౌంటర్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "వచ్చే నెల తక్కువ రోజులకు తీస్తాం లెండి, సరిపోతుంది." సరిపోదు. లెక్క వేసి చూడండి. వచ్చే రీడింగు 24 రోజులకే తీశారనుకుందాం, 156 యూనిట్లు వస్తాయి. దానికి ఎనర్జీ ఛార్జీలు 340, ఇంకా 56×4.80 అంటే 268.80, మొత్తం 608.80. రెండు బిల్లులూ కలిపి 1890.60. అదే రెండు నెలలూ 30 రోజులకు తీసి ఉంటే ఒక్కోటి 195 యూనిట్లు, 340 ప్లస్ 456 అంటే 796, రెండింటికీ 1592. దాదాపు 299 రూపాయలు ఎటూ తిరిగి రావు. గుంపు దాటినప్పుడు పడ్డ భారం తర్వాతి నెల తగ్గుదలతో పూడదు.

తలుపు తాళం వేసి ఉండి రీడింగు తీయలేని నెలలకూ ఇదే సూత్రం. ఒక నెల అంచనా బిల్లు, మరుసటి నెల రెండు నెలల అసలు రీడింగు వస్తే, ఆ యూనిట్లను రెండు నెలలకు పంచి స్లాబు వేయాలి. అంటే హద్దులు రెట్టింపవ్వాలి. తర్వాత అంచనాగా ముందే కట్టిన డబ్బు అందులోంచి తీసేయాలి. ఊరెళ్లి వచ్చాక వచ్చే మొదటి బిల్లును తప్పకుండా చూడమనేది అందుకే.

ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఒక మాట

2022–23 రేట్ల ఉత్తర్వుతో అక్కడ గుంపుల పద్ధతి పోయింది. 30 దాకా 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఎంత వాడినా కింది యూనిట్లకు కింది రేటే. అవే 234 యూనిట్లకు 57, 135, 225, 600, 78.75 కలిపి 1095.75 ఎనర్జీ ఛార్జీలు. రోజుల తేడా వల్ల అక్కడ పడే దెబ్బ చిన్నది. కానీ ఇంధన సర్దుబాటు ఛార్జీల వరుసలు బిల్లులో విడిగా కనిపిస్తాయి, చిక్కంతా వాటితోనే. అవి ఈ నెల యూనిట్ల మీద కాక, బిల్లులో రాసిన పాత నెల యూనిట్ల మీద పడతాయి. కాబట్టి ఆ పాత బిల్లు తీసి, దానిలోని యూనిట్లను ఈ వరుసలో రాసిన పైసలతో గుణించి చూడాలి. కొత్తగా అద్దెకు దిగినవారు ఇక్కడే మోసపోతారు. వెళ్లిపోయినవారు వాడిన కరెంటుకు సర్దుబాటు వీరి బిల్లులో పడుతుంది.

నాలుగో పని: ఫిక్స్‌డ్, కస్టమర్ ఛార్జీలు, సుంకం

వీటిలో తప్పులు తక్కువే, త్వరగా చూసి వదిలేయొచ్చు. తెలంగాణలో 800 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలు. ఒప్పుకున్న లోడు 3 కాబట్టి 30. ఒక నెల ఇది హఠాత్తుగా పెరిగితే మీ లోడు పెంచారని అర్థం. బిల్లులో ఆర్‌ఎండీ అని ఒక అంకె ఉంటుంది. ఆ నెలలో ఒకేసారి మీరు లాగిన గరిష్ఠ లోడు అది. గీజరు, ఏసీ, ఇస్త్రీపెట్టె ఒకే సమయంలో నడిస్తే నాలుగు కిలోవాట్లు దాటడం కష్టమేమీ కాదు.

కస్టమర్ ఛార్జీ యూనిట్లను బట్టి మారుతుంది: 50 దాకా 40, 100 దాకా 70, 200 దాకా 90, 300 దాకా 100. స్లాబు సవరిస్తే ఇది కూడా సవరించాలి. ఈ పది రూపాయలు చాలామంది అడగడం మరిచిపోతారు.

పన్ను అంటే విద్యుత్ సుంకం ఒక్కటే, యూనిట్‌కు 6 పైసలు. 234కి 14.04. ఇంటికి వచ్చే కరెంటు మీద జీఎస్టీ లేదు. అపార్టుమెంటు సంఘం కామన్ మీటరు బిల్లును పంచుతూ అందులో జీఎస్టీ అని రాస్తే, అదెక్కడిదో అడగండి.

లాస్/గెయిన్ అన్నది పైసలను రూపాయికి సర్దిన తేడా. అది ఎప్పుడూ రూపాయి దాటకూడదు.

ఐదో పని: బాకీ

పాత బాకీ నిజమో కాదో తేల్చడానికి పాత బిల్లు మొత్తం, కట్టిన రసీదు, కట్టిన తేదీ కావాలి. మన ఇంటి ఏప్రిల్ బిల్లు 182 యూనిట్లు, 865 రూపాయలు, గడువు ఏప్రిల్ 16. యూపీఐతో 15న కట్టారు. అయినా మే బిల్లులో 865 బాకీ, గడువు దాటినందుకు 25 అదనపు ఛార్జీ.

ఇలాంటప్పుడు మూడింట్లో ఒకటి జరిగి ఉంటుంది. మొదటిది, రీడింగు తీసేవారి యంత్రంలోకి బాకీల జాబితా ముందే ఎక్కించి ఉంటారు, ఆ తర్వాత కట్టింది దానికి తెలియదు. బిల్లులో బాకీ పక్కన ఒక తేదీ ఉంటుంది, మీరు కట్టిన తేదీ దాని తర్వాతైతే కంగారు అక్కర్లేదు. రెండోది, డబ్బు వేరే సర్వీసు నంబరుకు వెళ్లి ఉంటుంది. అద్దె ఇల్లు మారినవారి యాప్‌లో పాత ఇంటి నంబరే ఉండిపోతుంది, ఆటోపే దానికే కడుతూ పోతుంది. యూఎస్‌సీ అంటే మీ కనెక్షన్‌కు ఇచ్చిన ప్రత్యేక నంబరు; రసీదులోని యూఎస్‌సీ నంబరు బిల్లులోని నంబరుతో ఒక్కో అంకె పోల్చండి. మూడోది, బ్యాంకులో డబ్బు కటయింది కానీ పంపిణీ సంస్థ ఖాతాలో జమ కాలేదు. సంస్థ వెబ్‌సైటులో యూఎస్‌సీ నంబరుతో చెల్లింపుల చరిత్ర చూస్తే తెలిసిపోతుంది. మన ఉదాహరణలో బాకీ తేదీ మే నెలదే, నంబరు సరైనదే, చరిత్రలో మాత్రం ఏప్రిల్ చెల్లింపు లేదు. కాబట్టి మూడోదే. యూపీఐ లావాదేవీ నంబరుతో ఫిర్యాదు చేయాలి. జమ అయ్యాక 25 కూడా తీసేయమనాలి, ఎందుకంటే కట్టింది గడువులోపే.

బాకీలాగే భయపెట్టే ఇంకో వరుస ఏసీడీ. అది పన్ను కాదు, జరిమానా కాదు, అదనపు డిపాజిట్. గత ఏడాది సగటు వాడకాన్ని బట్టి రెండు నెలల బిల్లుకు సరిపడా డిపాజిట్ మన పేరున ఉండాలన్నది నియమం. తక్కువైతే తేడా అడుగుతారు. దానిమీద ఏటా వడ్డీ ఇచ్చి బిల్లులో తగ్గిస్తారు. వేసవిలో ఆ వడ్డీ జమ మీ బిల్లులో పడిందో లేదో చూసుకోండి. అద్దెకున్నవారు ఏసీడీ కట్టే ముందు యజమానితో మాట్లాడుకోవడం మంచిది, ఆ డబ్బు కనెక్షన్ పేరున ఉన్నవారిదవుతుంది.

ఎప్పుడో ఏళ్లనాటి బాకీ అంటూ ఒక్కసారిగా వేస్తే విద్యుత్ చట్టం 2003లోని 56(2) సెక్షన్ గుర్తుపెట్టుకోండి. బాకీ మొదట చెల్లించాల్సి వచ్చిన రోజు నుంచి రెండేళ్లు దాటితే, మధ్యలో బిల్లుల్లో వరుసగా చూపిస్తూ రాకపోతే, దానికోసం కరెంటు కట్ చేయలేరు. కానీ దీన్ని పూర్తి రక్షణ అనుకోవద్దు. బిల్లు వేసిన రోజునే బాకీ మొదట చెల్లించాల్సిన రోజుగా లెక్కించాలని, రెండేళ్లు దాటినా ఇతర మార్గాల్లో వసూలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అంటే పాత పొరపాటును ఇప్పుడు గుర్తించి కొత్తగా బిల్లు వేస్తే, గడియారం ఇప్పుడే మొదలవుతుంది.

ఫిర్యాదు ఎలా రాయాలి

"బిల్లు ఎక్కువ వచ్చింది, తగ్గించండి" అని రాస్తే పని జరగదు. ఎక్కడ ఎంత తేడా ఉందో విడగొట్టి రాయాలి. మన ఇంటి లెక్క: 36 రోజులకు స్లాబు సవరణ వల్ల 337, జమ కాని చెల్లింపు 865, అదనపు ఛార్జీ 25, మొత్తం 1227. 2316లో అది తీసేస్తే 1089. మీటరు ఫొటో, రెండు నెలల బిల్లులు, యూపీఐ రసీదు జతచేసి మీ పరిధిలోని రెవెన్యూ ఆఫీసులో ఇవ్వండి. 1912కి ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించి నంబరు రాసుకోండి. కాగితం ఇచ్చిన చోట రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. అక్కడ తేలకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, దానిమీద విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఫిర్యాదు నడుస్తుండగా గడువు దాటిపోతుందని భయముంటే చట్టంలోనే దారి ఉంది. 56(1) ప్రకారం కరెంటు ఆపడానికి 15 రోజుల స్పష్టమైన రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు బిల్లు గానీ, ఏది తక్కువైతే అది "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి కట్టేస్తే, వివాదం తేలేదాకా కనెక్షన్ తీయకూడదు. ఆన్‌లైన్‌లో ఆ మాట రాసే చోటు ఉండదు. కాబట్టి ఉత్తరం ముందు ఇచ్చి, ముద్ర వేయించుకుని, ఆ తర్వాతే డబ్బు కట్టండి.